రిటైర్మెంట్ డబ్బు మొత్తం తీసి అబ్బాయి లోను తీర్చాలా, సీనియర్ సిటిజన్ స్కీములో వేసుకోవాలా?

ప్రశ్న: "నాకు 58 నిండాయి, పోయిన నెల ప్రైవేటు కంపెనీలో రిటైరయ్యాను. పీఎఫ్ 26 లక్షలు, గ్రాట్యుటీ తొమ్మిదిన్నర, లీవు డబ్బులు రెండున్నర, మొత్తం 38 లక్షలు చేతికొచ్చాయి. ఈపీఎస్ పెన్షన్ 4,300 వస్తుంది. మావాడికి హోమ్‌లోన్ ఇంకా 30 లక్షలుంది, ఎనిమిదిన్నర శాతం, 15 ఏళ్లు కట్టాలి. 'అది మీరు తీర్చేయండి నాన్నా, నెలకు 22 వేలు నేనిస్తా' అంటున్నాడు. సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేస్తే నెలకు 20,500 పడుతుందట. మావాడిచ్చేదే ఎక్కువ కదా? ఏం చేయమంటారు?"

సమాధానం:

నేను 33 ఏళ్లు పోస్టాఫీసులో పనిచేశాను, అందులో ఎక్కువ భాగం సేవింగ్స్ కౌంటరులోనే. రిటైరయ్యాక నా డబ్బు కూడా ఈ స్కీములోనే ఉంది. మీ ప్రశ్న లాంటిది కౌంటరు అవతల నుంచి ఎన్నోసార్లు విన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

20,500ని, 22,000ని పక్కపక్కన పెట్టి చూడకండి. ఈ రెండూ ఒక జాతి డబ్బు కావు. స్కీములో వచ్చే 20,500 వట్టి వడ్డీ. అయిదేళ్లు తిన్నా మీ 30 లక్షలు మీ పేరునే, రూపాయి తరగకుండా ఉంటాయి. అబ్బాయి ఇచ్చే 22,000 సంగతి వేరు. అక్కడ అసలు ముందే వెళ్లిపోయింది, మీ చేతిలో మిగిలింది ఒక మాట. ఆ మాట ఎంత గట్టిదైనా, దాన్ని ఏ ఆఫీసుకూ తీసుకెళ్లి చూపించలేం.

ఇప్పుడు మీవాడి వైపు లెక్క చూద్దాం. ఎనిమిదిన్నర శాతం మీద 30 లక్షలు, 15 ఏళ్లు అంటే ఈఎంఐ 29,500 దాకా ఉంటుంది. అందులో ఈ నెల వడ్డీ భాగం 21,250. మిగతా ఎనిమిది వేల చిల్లర అసలుకు జమ. లోను మీరు తీర్చేస్తే మీ కుటుంబానికి నిజంగా తప్పే ఖర్చు ఆ 21,250 మాత్రమే. దానికోసం వదులుకునేది మీకు రావలసిన 20,500. రెండింటికీ తేడా నెలకు 750 రూపాయలు. ఇల్లంతా కలిపి చూస్తే ఈ పనిలో ఉన్న లాభం అంతే. మీవాడు పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతూ, సొంతింటి లోను వడ్డీ మీద 2 లక్షల దాకా మినహాయింపు వాడుకుంటుంటే ఆ 750 కూడా మిగలదు, లెక్క ఎదురు తిరుగుతుంది.

మరి అతనికి ఎందుకంత తేలిక అనిపిస్తోంది? 29,500 కట్టేచోట 22,000 మీకిస్తే నెలకు ఏడున్నర వేలు చేతిలో మిగులుతాయి కాబట్టి. ఆ ఏడున్నర వేలలో 750 పోను మిగతాదంతా బ్యాంకు తగ్గించింది కాదు, మీ అసలులోంచి వస్తున్నదే. మీవాడు మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. బహుశా అతనూ ఇలా విడదీసి చూసుకొని ఉండడు. ఒక కాగితం మీద ఈ నాలుగు అంకెలూ వేసి ఇద్దరూ కూర్చుని చూడండి.

నా కౌంటరుకు వచ్చే ఒకాయన ఉండేవారు, కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు. వచ్చిందంతా కొడుకు ఫ్లాటుకు ఇచ్చేశారు. కొడుకు మంచివాడే, ప్రతి నెలా అయిదో తారీఖుకల్లా డబ్బు వేసేవాడు. రెండేళ్ల తర్వాత ఆ అబ్బాయి పనిచేసే కంపెనీలో మూడు నెలలు జీతాలు ఆగిపోయాయి. అప్పుడాయన మనవరాలి కోసమని నెలకు అయిదొందలు కడుతున్న ఆర్‌డీ పాసుపుస్తకం పట్టుకొచ్చి, మధ్యలో మూసేస్తే ఎంత వస్తుందని అడిగారు. కొడుకుని అడగలేరు, అతనికే లేదని తెలుసు. పుస్తకం కౌంటరు మీద పెట్టారు గానీ చేయి దానిమీద నుంచి తీయలేదు, నేనే నెమ్మదిగా లాక్కోవాల్సి వచ్చింది. అక్కడ ఎవరి తప్పూ లేదు. తండ్రి తిండి ఖర్చు, కొడుకు ఉద్యోగం ఒకే తాడుకు కట్టేశారు, అంతే.

ఇంకొక కోణం ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. స్కీములో వేసి, ఏడాదిన్నర తర్వాత "లేదు, లోను తీర్చేయడమే మంచిది" అనిపించిందనుకోండి. ఖాతా మూసి డబ్బు తీసుకోవచ్చు. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు, రెండేళ్లు దాటాక అయితే ఒక శాతం. 30 లక్షల మీద 45 వేలో, 30 వేలో పోతుంది. బాధే గానీ భరించగలిగినదే. అదే ఇవాళ లోను తీర్చేసి, ఏడాదిన్నర తర్వాత "ఉంచుకోవాల్సింది" అనిపిస్తే వెనక్కి రావడానికి దారి లేదు. ఇల్లు అమ్మమనలేరు, బ్యాంకు డబ్బు తిరిగివ్వదు. కాబట్టి మనసు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు, తర్వాత మార్చుకోగలిగే పని ముందు చేయమంటాను. మొదటి ఏడాది నిండకుండా మాత్రం ఖాతా కదపకండి, అప్పుడు తీస్తే మిగిలేది తక్కువ.

మీ విషయంలో ఈ స్కీము తలుపు ఎల్లకాలం తెరిచి ఉండదు కూడా. ఈ స్కీము 60 నిండినవాళ్లది. 55 నుంచి 60 మధ్య ఉండి రిటైరైనవాళ్లను ఒక షరతు మీద రానిస్తారు: రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు ఖాతా తెరవాలి, వేసేది ఆ వచ్చిన డబ్బుకు మించకూడదు. ఇంతకుముందు ఒక్క నెలే ఉండేది, 2023 నవంబరులో మూడు నెలలు చేశారు. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవు డబ్బులు మూడూ ఈ లెక్కలోకి వస్తాయి కాబట్టి మీ 38 లక్షల్లోంచి గరిష్ఠ పరిమితి 30 లక్షలు వేయడానికి అడ్డు లేదు. కానీ గడువు దాటిందా, మీకు 60 నిండేదాకా, అంటే రెండేళ్లు ఆగాలి. "కొన్నాళ్లు చూద్దాం" అని సేవింగ్స్ ఖాతాలో ఉంచేసి, నాలుగో నెలలో వచ్చినవాళ్లను నేను వెనక్కి పంపాను. చెప్పడానికి నాకే నోరు రాలేదు.

వీళ్లలో చాలామంది ఆలస్యం చేసింది డబ్బు దగ్గర కాదు, కాగితం దగ్గర. 60 లోపువాళ్లు పాత కంపెనీ నుంచి ఒక సర్టిఫికెట్ తేవాలి: ఏ ఉద్యోగం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, రిటైరైంది ఎలా, ఏ పద్దు కింద ఎంత ఇచ్చారు అన్నవి అందులో ఉండాలి. హెచ్‌ఆర్ వాళ్లకు ఇది రోజూ చేసే పని కాదు, రెండు మూడు వారాలు తిప్పుతారు. దాంతోపాటు డబ్బు మీ ఖాతాలో పడిన తేదీలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. పీఎఫ్ ఒక రోజు, గ్రాట్యుటీ ఇంకో రోజు పడి ఉంటాయి. ముందు పడినదాని తేదీ నుంచే గడువు లెక్కపెట్టుకుంటే ఏ ఇబ్బందీ రాదు.

ఇక నెలనెలా ఆదాయం అన్న మాట. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ స్కీము నెలకోసారి ఇవ్వదు, మూడు నెలలకోసారి ఇస్తుంది. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదట్లో వడ్డీ పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం నడుస్తోంది. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు ప్రకటిస్తుంది కాబట్టి తెరిచే రోజున మరోసారి చూసుకోండి. తెరిచిన రోజు రేటే మీకు అయిదేళ్లూ ఉంటుంది. 8.2 శాతం మీద 30 లక్షలకు ఏడాదికి 2,46,000, అంటే విడతకు 61,500. మొదటి విడత మాత్రం రోజుల లెక్కన వస్తుంది. ఆగస్టు 20న తెరిస్తే అక్టోబరు మొదట్లో సుమారు 28 వేలే పడతాయి. దాన్ని చూసి "61 వేలు అన్నారే" అని గాభరాపడి వచ్చేవాళ్లు. తర్వాతి విడత నుంచి నిండుగా పడుతుంది.

దీన్ని నెలసరిగా మార్చుకునే కిటుకు చిన్నది. వడ్డీ పడే సేవింగ్స్ ఖాతా ఒకటి, ఇంటి ఖర్చుకు వాడే ఖాతా ఇంకొకటి పెట్టుకోండి. మొదట్లో ఒక విడతకు సరిపడా 61,500 మొదటి ఖాతాలో వేసి, అక్కడినుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 20,500 రెండో ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు అది జీతంలాగే కనిపిస్తుంది. ఖాతా తెరిచేటప్పుడే వడ్డీ మీ సేవింగ్స్ ఖాతాకు జమయ్యేలా రాయించడం మరవకండి. అలా రాయించక, మూడు విడతల వడ్డీ అక్కడే పడి ఉన్నవాళ్లను చూశాను. తీసుకోని వడ్డీ మీద మళ్లీ వడ్డీ రాదు.

పన్ను దగ్గర ఒక చిక్కు ఉంది. ఈ స్కీముకు మీరు సీనియర్ సిటిజనే గానీ, ఇన్‌కమ్ ట్యాక్స్‌కు 60 నిండేదాకా కారు. వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. మీకు వేరే పెద్ద ఆదాయం లేదు కాబట్టి కొత్త పద్ధతిలో పన్ను పడదు, కానీ టీడీఎస్ మాత్రం పట్టేస్తారు, పది శాతం. విడతకు 6,150 తగ్గి పడుతుంది. అది పట్టకుండా ఉండాలంటే ఏటా మొదట్లోనే డిక్లరేషన్ ఇవ్వాలి. ఇన్నాళ్లూ 60 లోపువాళ్లకు 15జీ, 60 దాటినవాళ్లకు 15హెచ్ అనే ఫారాలు ఉండేవి, ఇప్పుడు ఏ ఫారం నడుస్తోందో ఇచ్చేచోట అడగండి. స్కీము పేరు చూసి 15హెచ్ నింపి ఇచ్చి, అది చెల్లక టీడీఎస్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది గానీ నెలల తరబడి ఆగాలి.

30 లక్షలూ ఒకే ఖాతాలో వేయకండి. నేను గట్టిగా చెప్పే మాట ఇది. ఈ స్కీములో కొంత తీసుకోవడం అనేది లేదు. తీస్తే ఖాతా మొత్తం మూయాల్సిందే. మూడో ఏట ఇంట్లో ఆపరేషనుకు 4 లక్షలు కావలసి వచ్చిందనుకోండి. ఒకే ఖాతా ఉంటే 30 లక్షలూ బయటికి రావాలి, కోత 30 వేలు, పైగా ఆ రోజు రేటు తక్కువ ఉంటే మిగిలిన 26 లక్షలు ఆ తక్కువ రేటుకే మళ్లీ వేయాలి. ఇదే అవసరం మీకు 60 నిండకముందే వస్తే అసలు తిరిగి వేయలేరు కూడా. ఒకటికంటే ఎక్కువ ఖాతాలు తెరవడానికి రూల్సు ఒప్పుకుంటాయి, అన్నీ కలిపి 30 లక్షలు దాటకూడదు, అంతే. పది, పది, అయిదు, అయిదు అని నాలుగు చేయండి. అప్పుడు ఆ ఆపరేషనుకు ఒక అయిదు లక్షల ఖాతా మూస్తే చాలు, కోత 5 వేలు. మిగతా పాతిక లక్షల మీద వడ్డీ యథాప్రకారం వస్తుంది. ఒకే ఆఫీసులో ఒకే నెలలో నాలుగూ తెరవాలని పట్టుబట్టకుండా, పోస్టాఫీసులో ఒకటి, బ్యాంకులో ఒకటి, పై నెలలో మిగతా రెండు పెట్టుకుంటే కౌంటరు దగ్గర పేచీ ఉండదు. మూడు నెలల గడువు మాత్రం నాలుగింటికీ వర్తిస్తుంది.

అయితే స్కీములో వేస్తే ఇక నిశ్చింత అని నేను చెప్పను. దీనికీ లోటుపాట్లున్నాయి. 20,500 అయిదో ఏట కూడా 20,500గానే ఉంటుంది. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, అయిదేళ్ల తర్వాత ఆ డబ్బుకు ఇవాళ్టి 15 వేల చిల్లర సరుకే వస్తుంది. అయిదేళ్లయ్యాక ఏ రేటు ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. 2015లో 9.3 శాతానికి 15 లక్షలు వేసినవాళ్లకు, అప్పట్లో పరిమితి అంతే, నెలకు 11,600 లెక్కన వచ్చేది. 2020 ఏప్రిల్ తర్వాత అవి గడువు తీరేసరికి రేటు 7.4 అయింది. అదే 15 లక్షల మీద నెలకు 9,250. ఆ ఏడాది పాసుపుస్తకం మీద కొత్త అంకె చూసి చాలామంది కౌంటరు ముందే నిలబడిపోయారు. అందుకే పెన్షన్ 4,300 కలిపి వచ్చే 24,800లో, వీలైతే మొదటి రెండు మూడేళ్లు ఎంతో కొంత వెనకేసి పెట్టుకోండి, ఇల్లు గడవడానికి 22 వేలు చాలితే.

అయిదేళ్లు నిండిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. ఆ తర్వాత ఏడాదిలోపు మూడేళ్లకు పొడిగించుకోవచ్చు, గడువు తీరిన రోజు రేటే పొడిగింపుకు వస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఆ డబ్బుకు వచ్చేది మామూలు సేవింగ్స్ వడ్డీ మాత్రమే.

మీకు చివరిగా మిగిలేది 8 లక్షలు. అబ్బాయికి సాయం చేయాలన్న మీ మనసు నాకు అర్థమైంది, అది తప్పు కూడా కాదు. ఈ 8 లక్షల్లోంచి చేయండి. మీకు, మీ ఆవిడకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే 3 లక్షలు చేతిలో ఉంచుకొని, 5 లక్షలు అతని లోనుకు కట్టండి. ఇన్సూరెన్స్ లేకపోతే 3 లక్షలకు మించి ఇవ్వొద్దు, మిగతా అయిదూ మీ దగ్గరే ఉండాలి. ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌కు ముందుగా కడితే జరిమానా ఉండదు. 5 లక్షలు కట్టి, కాలం అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించమని బ్యాంకుకు రాసివ్వమనండి. 25 లక్షల మీద ఈఎంఐ 24,600 అవుతుంది, అంటే నెలకు 4,900 తగ్గుతుంది. మీవాడు కోరుకున్న ఏడున్నర వేల ఊరటలో మూడింట రెండొంతులు ఇలాగే వచ్చేసింది, మీ 30 లక్షలు కదలకుండా. బ్యాంకువాళ్లు అడగకపోతే మామూలుగా ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గిస్తారు, కాబట్టి ఆ ఉత్తరం తప్పనిసరి.

ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది. మీ పేరునే పర్సనల్ లోనో, చేబదులో, బంగారం తాకట్టో ఎక్కువ వడ్డీకి ఉంటే, స్కీముకంటే ముందు అది తీర్చేయండి. పద్నాలుగు శాతం కడుతూ ఎనిమిది శాతం తీసుకోవడంలో అర్థం లేదు. మీవాడి ఎనిమిదిన్నర శాతం హోమ్‌లోన్ ఆ కోవలోకి రాదు.

ఖాతాలు మీ ఆవిడతో జాయింటుగా తెరవండి. భార్యాభర్తలకే ఇందులో జాయింటు ఉంటుంది, రెండో పేరుకు వయసు అడగరు. మీకేమైనా జరిగితే, అర్హత సరిపోతే ఆవిడ అదే రేటుకు గడువుదాకా కొనసాగించుకోవచ్చు. వద్దనుకుంటే కోత లేకుండా మూసుకోవచ్చు. నామినీగా అబ్బాయి పేరు రాయండి, ఆ సంగతి అతనికి చెప్పండి కూడా. ఈ డబ్బు చివరికి ఎటు వస్తుందో తెలిస్తే, ఇప్పుడు మీరు కాదన్నారన్న బాధ అతనికి సగం తగ్గుతుంది. రేపు పొద్దున్నే పాత కంపెనీకి ఫోను చేసి ఆ సర్టిఫికెట్ అడగండి, ఈమెయిల్ కూడా పెట్టండి. పీఎఫ్ ఏ తేదీన పడిందో ఇక్కడ రాస్తే, మీ చివరి రోజు ఏదో లెక్కపెట్టి చెబుతాను.